మూడు గీతల వెనక పదహారు పేర్లు: పాడి రైతుల యాప్‌లో మెనూ మార్చిన కథ

ఒక డెయిరీ వాళ్లు తమ పాడి రైతుల కోసం ఆండ్రాయిడ్ యాప్ చేయించుకున్నారు. చేసింది మేం కాదు. రెండేళ్లు నడిచాక మా దగ్గరికి వచ్చి, "యాప్‌లో అన్నీ ఉన్నాయి, కానీ రైతులు పాల లెక్క తప్ప ఇంకేదీ చూడడం లేదు, దాణా ఆర్డర్లు ఇంకా ఫోన్‌లోనే చెబుతున్నారు" అన్నారు. వాళ్లు అడిగింది కొత్త రంగులు, కొత్త హోమ్ పేజీ. చివరికి మేం మార్చింది మెనూ ఒక్కటే. ఆ మార్పు ఎలా జరిగిందో, అందులో మేం ఎక్కడ పప్పులో కాలేశామో రాస్తున్నాను.

పాత యాప్‌లో ఎడమవైపు పైన మూడు గీతల గుర్తు ఉండేది. నొక్కితే పక్క నుంచి డ్రాయర్ జారి వచ్చేది. అందులో వరసగా పదహారు పేర్లు: హోమ్, పాల వివరాలు, బిల్లులు, పాస్‌బుక్, దాణా ఆర్డర్, పాత ఆర్డర్లు, నా పశువులు, డాక్టర్ సేవలు, గర్భధారణ నమోదు, పశు బీమా, రుణాలు, నోటీసులు, శిక్షణ వీడియోలు, ఫిర్యాదులు, ప్రొఫైల్, సెట్టింగ్స్. మామూలు ఫోన్‌లో పది పేర్ల దాకా కనిపిస్తాయి, మిగతావి పైకి జరిపితేనే. హోమ్ పేజీలో డెయిరీ బ్యానర్లు మూడు తిరుగుతుండేవి, వాటి కింద ఈ రోజు పాల లెక్క.

ఆ మూడు గీతల గుర్తు నిన్న మొన్నటిది కాదు. 1981లో వచ్చిన జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ గీసినది. చిన్న ఫోన్లు వచ్చాక అందరికీ తెగ నచ్చింది, ఎందుకంటే ఎన్ని విభాగాలున్నా ఒక్క గుర్తు వెనక దాచేయొచ్చు. అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. డ్రాయర్‌లో పదిహేడో పేరు కలపడానికి ఎవరికీ ఖర్చేమీ అవ్వదు. అందుకని ఏది ముఖ్యమో తేల్చుకోవాల్సిన అవసరం ఎవరికీ రాదు.

పాల కేంద్రం దగ్గర కూర్చుంటే కనిపించింది

ముందు లాగ్‌లు చూశాం. ఎంతమంది డ్రాయర్ తెరిచారన్న లెక్క పాత టీమ్ పెట్టింది, అది బాగానే ఉన్నట్టు కనిపించింది. కానీ తెరిచాక ఏదైనా ఎంచుకున్నారా, ఊరికే మూసేశారా అన్నది వాళ్లు కొలవలేదు. మేం ఆ ఒక్క ఈవెంట్ కలిపి రెండు వారాలు ఆగాం. తెరిచిన వాటిలో పెద్ద భాగం ఏమీ నొక్కకుండానే మూసుకుంటోంది. డ్రాయర్‌తో ఇబ్బంది ఉందో లేదో తెలుసుకోవడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి గుర్తు లేదు. మనిషి వెతికాడు, దొరకలేదు లేదా చదవలేదు, మూసేశాడు. తెరిచిన లెక్క ఒక్కటే చూస్తే అది విజయంలా కనిపిస్తుంది.

తర్వాత రెండు ఊళ్లలో సాయంత్రం పాలు పోసే వేళ కేంద్రం దగ్గర కూర్చున్నాం. ఎనిమిది మందిని అడిగాం: "మీ ఫోన్‌లోనే దాణా రెండు బస్తాలు ఆర్డర్ పెట్టి చూపించండి." ఇద్దరు పెట్టగలిగారు. ఆ ఇద్దరికీ కేంద్రం సెక్రటరీ ముందే నేర్పించాడట. మిగతా ఆరుగురిలో నలుగురు హోమ్ పేజీనే పైకీ కిందకీ జరిపి చూశారు, మూడు గీతల వైపు చూపే పోలేదు. ఒక పెద్దావిడ ఆ గీతల్ని చూసి, "అవి రాతలేమో అనుకున్నా బాబూ, నొక్కేవా?" అంది. ఎనిమిది మందితో లోకమంతటి గురించి చెప్పలేం. కానీ యాప్‌లు, సైట్లు జనం ఎలా వాడతారో పరిశోధించే నీల్సన్ నార్మన్ గ్రూప్ 2016లో ప్రచురించిన పరీక్షలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. ఫోన్‌లో మెనూ పూర్తిగా దాచి ఉన్నప్పుడు 57 శాతం సందర్భాల్లోనే జనం దాన్ని వాడారు. కొంత బయట, కొంత లోపల ఉన్నప్పుడు 86 శాతం సందర్భాల్లో వాడారు.

ఇంకో సంగతి ఆఫీసులో కూర్చుంటే తెలిసేది కాదు. పాలు పోసి వచ్చిన మనిషి ఒక చేతిలో ఖాళీ క్యాన్ ఉంటుంది, ఇంకో చేత్తోనే ఫోన్ పట్టుకుని బొటనవేలితో నడిపిస్తారు. ఫోన్ పెద్దది, గుర్తేమో ఎడమవైపు పై మూల. కుడిచేతి బొటనవేలికి అదే అన్నిటికన్నా దూరం. గుర్తు దాకా చెయ్యి పోదు కాబట్టి కొందరు ఎడమ అంచు నుంచి వేలితో లాగి డ్రాయర్ తెరవడం అలవాటు చేసుకున్నారు. 2019లో ఆండ్రాయిడ్ 10తో వేలు జరిపితే వెనక్కి వెళ్లే పద్ధతి వచ్చాక ఆ అంచు సిస్టమ్ సొంతమైంది. డ్రాయర్ కోసం లాగితే యాప్ మూసుకుపోతుంది. యాప్ ఆ అంచులో కొంత భాగాన్ని తనకు కావాలని అడగొచ్చు, కానీ సిస్టమ్ ఒక్కో అంచులో 200 డీపీ ఎత్తుకు మించి ఒప్పుకోదు. డీపీ అంటే ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ మీద దూరాలు కొలిచే కొలత. అంటే ఒకచోట లాగితే మెనూ వస్తుంది, దాని కిందో పైనో లాగితే బయటికి పోతాం. "యాప్ ఊరికే ఆగిపోతోంది" అన్న ఫిర్యాదుల్లో కొన్ని క్రాష్‌లు కావని, ఈ వెనక్కి వెళ్లడమేనని మాకు అక్కడే అర్థమైంది.

పదహారు ఎక్కడి నుంచి వచ్చాయి

డ్రాయర్ బదులు స్క్రీన్ కింద ఎప్పుడూ కనిపించే ట్యాబ్‌లు పెడదామని మేం అనగానే డెయిరీ వాళ్ల మొదటి మాట: "పదహారు ఉన్నాయి కదా, ఐదే పడతాయిగా?" నిజమే. గూగుల్ డిజైన్ మార్గదర్శకాలైన మెటీరియల్ డిజైన్‌లో కింది నావిగేషన్ 2016లో చేరినప్పటి నుంచి మూడు నుంచి ఐదు అనే చెబుతోంది. ఆండ్రాయిడ్‌లో ఈ కింది ట్యాబ్‌ల పట్టీని గీసే `BottomNavigationView`కి ఆరోది కలిపితే యాప్ అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఐఫోన్‌లో ఐదుకి మించితే సిస్టమే చివరి ట్యాబ్‌ను "More" చేసి మిగతావి అందులో పడేస్తుంది. ఈ హద్దు ఎవరో సరదాకి పెట్టింది కాదు. 360 డీపీ వెడల్పు ఫోన్‌లో ఐదు ట్యాబ్‌లంటే ఒక్కోదానికి 72 డీపీ. ఆరు పెడితే 60. బొటనవేలికి అది సరిపోయినా, కింద పేరుకు చోటుండదు.

అందుకే "ట్యాబ్‌లా, డ్రాయరా" అన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఈ పదహారూ ఎవరి పదహారు అని అడిగాం. జవాబు త్వరగానే దొరికింది. బిల్లులు అకౌంట్స్ విభాగానివి, పాస్‌బుక్ బ్యాంకుతో ఒప్పందం చూసే విభాగానిది, దాణా ఆర్డర్ దాణా ఫ్యాక్టరీది, గర్భధారణ నమోదు పశువైద్య విభాగంలో ఒక పథకానిది. డ్రాయర్ చదువుతుంటే డెయిరీ ఆఫీసు వరండాలో గదుల మీది బోర్డులు చదువుతున్నట్టుంది. రైతుకు బిల్లు వేరు, పాస్‌బుక్ వేరు, రుణం వేరు కాదు. "ఈసారి చేతికి ఎంత వస్తుంది?" అన్నది ఒక్కటే ప్రశ్న.

పదహారు పేర్లూ చీటీల మీద రాసి అదే ఊళ్లకు మళ్లీ వెళ్లాం. రెండు పనులు చెప్పాం. ఒకటి, ఏది రోజూ చూస్తారు, ఏది బిల్లు రోజున చూస్తారు, ఏది అవసరం పడితేనే చూస్తారో విడదీయమన్నాం. రెండోది, ఒకటి చూశాక వెంటనే ఇంకోటి చూడాల్సి వస్తే ఆ రెండు చీటీలూ పక్కపక్కన పెట్టమన్నాం. రెండోదాన్ని చాలామంది డిజైనర్లు అడగరు. నా దృష్టిలో ట్యాబ్‌ల అవసరం తేల్చేది అదే. రోజూ చూసేది ఒక్కటే అయితే దాన్ని మొదటి స్క్రీన్‌గా పెడితే సరిపోతుంది, ట్యాబ్ అక్కర్లేదు. రెండు చోట్ల మధ్య అటూ ఇటూ తిరగాల్సి వస్తేనే రెండూ కళ్లముందు ఉండాలి.

ఇక్కడ ఒక ఉదాహరణ చెప్పాలి. ఈ డెయిరీలో బిల్లు పదిహేను రోజులకోసారి. పాల డబ్బులోంచి దాణా బాకీ, రుణం వాయిదా పట్టుకుని మిగతాది ఖాతాలో వేస్తారు. బిల్లులో "దాణా కోత" అని ఒక అంకె ఉంటుంది. అది చూడగానే రైతుకు వచ్చే అనుమానం: నేను తీసుకున్నది రెండు బస్తాలా, మూడా? దానికోసం పాత ఆర్డర్లు చూడాలి, మళ్లీ బిల్లుకు రావాలి, ఫలానా రోజు సాయంత్రం పాలకు ఫ్యాట్ ఎంత పడిందో చూడాలి, మళ్లీ బిల్లుకు రావాలి. చీటీల్లో బిల్లు, దాణా, పాల వివరాలు ఈ మూడూ దాదాపు అందరి దగ్గరా ఒకదాన్నొకటి ఆనుకుని పడ్డాయి. డ్రాయర్‌లో ఈ ఒక్క అనుమానం తీరాలంటే నాలుగుసార్లు మెనూ తెరవాలి. ఎవరూ తెరవరు. కేంద్రానికి వచ్చి సెక్రటరీతో వాదన పెట్టుకుంటారు.

చీటీలు సర్దాక నాలుగు కుప్పలు గట్టిగా నిలిచాయి: పాలు, డబ్బులు, పశువులు, దాణా. పాత ఆర్డర్లు దాణాలో కలిశాయి. బిల్లులు, పాస్‌బుక్, రుణాలు డబ్బులలో. డాక్టర్, గర్భధారణ, బీమా పశువులలో. నోటీసులు, వీడియోలు, ఫిర్యాదులు, ప్రొఫైల్, సెట్టింగ్స్ ఏ కుప్పలోనూ ఇమడలేదు. అవి ఐదో ట్యాబ్‌కు పోయాయి. "హోమ్" చీటీని మాత్రం ఒక్కరూ చేత్తో ముట్టుకోలేదు. అందుకని హోమ్ తీసేశాం. యాప్ తెరిస్తే నేరుగా పాలు ట్యాబే.

ఆ తర్వాతి మీటింగ్ గురించి ఎక్కువ రాయను. బ్యానర్లు ఎక్కడ పెడతారని ఒకరు, రుణాలకు సొంత ట్యాబ్ ఎందుకు లేదని ఇంకొకరు. పెళ్లి భోజనాల్లో మొదటి పంక్తి కోసం జరిగే తగువుకీ దీనికీ పెద్ద తేడా లేదు. చీటీల ఫొటోలు టేబుల్ మీద పెట్టడం ఒక్కటే మాకు పనికొచ్చింది.

ఐదో ట్యాబ్, పేర్లు, వత్తులు

ఐదో ట్యాబ్‌కు మొదట "మరిన్ని" అని పేరు పెట్టాం. పరీక్షలో ఫిర్యాదు పెట్టమంటే మనుషులు మిగతా నాలుగూ తిరిగి ఆఖరికి దాని దగ్గరకు వచ్చేవారు. మరిన్ని అంటే ఏం మరిన్ని? దాన్ని "అన్నీ" అని మార్చి, లోపల మిగిలిపోయినవి మాత్రమే కాకుండా యాప్‌లో ఉన్నవన్నీ బొమ్మల గళ్లుగా పెట్టాం. దాణా కూడా అందులో ఉంటుంది, బిల్లు కూడా. ఒకే దారి రెండు చోట్ల ఉండడం కొందరు డిజైనర్లకు నచ్చదు. కానీ "ఎక్కడుందో తెలియకపోతే అన్నీలోకి వెళ్లు" అని ఒక్క మాటలో చెప్పగలిగాం, ఆ మాట ఎప్పుడూ తప్పు కాదు. డబ్బు పంపే యాప్‌ల వల్ల గళ్ల పేజీ ఊళ్లలో అందరికీ అలవాటే. ఫేస్‌బుక్ కూడా 2013లో ఐఫోన్ యాప్‌లో పక్క డ్రాయర్ తీసేసి కింది ట్యాబ్‌లకు మారినప్పుడు మిగిలిన విభాగాలన్నీ చివరి ట్యాబ్‌లోనే పెట్టుకుంది.

ట్యాబ్‌ల కింద తెలుగు పేర్లు పెట్టడంలో మాకు అనుకున్నదానికన్నా ఎక్కువ రోజులు పట్టింది. మొదటి చిక్కు, పేర్లు అసలు కనిపించకపోవడం. `BottomNavigationView`లో నాలుగు లేక ఐదు ట్యాబ్‌లుంటే, ఎంచుకున్నదానికి తప్ప మిగతావాటికి పేరు చూపించదు. పేరు లేని బొమ్మ మళ్లీ మూడు గీతల లాంటిదే. ఈ ఒక్క లైనుతో అది పోతుంది:

```xml
app:labelVisibilityMode="labeled"
```

రెండోది వెడల్పు. 72 డీపీలో 12 ఎస్పీ సైజు, అంటే ఆండ్రాయిడ్ అక్షరాల కొలతలో 12, ఉన్న తెలుగు అక్షరాలు ఎన్ని పడతాయో బొమ్మ గీసి లెక్క వేయొద్దు, ఫోన్‌లో పెట్టి చూడాలి. మా ఫోన్లలో "పశువులు" పట్టింది, "నోటిఫికేషన్లు" పట్టలేదు, "గర్భధారణ" కూడా అనుమానమే. పెద్దవాళ్లు చాలామంది ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచుకుని ఉంటారు, అప్పుడు "పశువులు" కూడా చివర చుక్కలైపోయింది. ఆఖరికి ఖరారైన పేర్లు: పాలు, డబ్బులు, పశువులు, దాణా, అన్నీ. నలుగురు రైతులు "గేదెలు" అనమన్నారు, కానీ ఆవులున్న వాళ్లు ఒప్పుకోలేదు. పెద్ద అక్షరాల ఫోన్లలో పశువుల పేరు ఒదగడానికి ట్యాబ్ అంచుల్లో ఖాళీ తగ్గించాం.

మూడోది ఎత్తు. మన లిపిలో పైన గుడి, కింద వత్తు. "డబ్బులు"లో బ కింద బ వత్తు ఉంది. పాత టీమ్ యాప్ మొత్తానికి పెట్టిన స్టైల్‌లో `android:includeFontPadding="false"` ఉంది, ఇంగ్లీష్ అక్షరాలు మధ్యలో చక్కగా కూర్చోవడానికి. దానివల్ల వత్తు అడుగు తెగిపోయి "డబులు" అన్నట్టు కనిపించింది. ఆఫీసులో ఇంగ్లీష్ ఫోన్లతో చూసినన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. ఆ లైను తీసేసి, ఎత్తు అంకె వేసి బిగించకుండా వదిలేశాక సరైంది.

వెనక్కి వస్తే ఎక్కడికి

మొదటి బీటాలో పెద్ద తప్పు ఇది. రైతు డబ్బులు ట్యాబ్‌లో బిల్లు తెరిచాడు, దాణా కోత దాకా జరిపాడు, దాణా ట్యాబ్ నొక్కి ఆర్డర్లు చూశాడు, మళ్లీ డబ్బులు నొక్కాడు. బిల్లు లేదు. బిల్లుల జాబితా మళ్లీ మొదటి నుంచి. ఏ అనుమానం తీర్చడానికి ఈ ట్యాబ్‌లు పెట్టామో అదే తీరలేదు. పైగా డ్రాయర్‌లో ఉన్నప్పుడు ఇలా జరిగితే ఎవరూ పట్టించుకోరు, వేరే చోటికి వెళ్లాం కాబట్టి మొదటికి వచ్చింది అనుకుంటారు. ట్యాబ్‌లైతే మాత్రం వదిలిన చోట వదిలినట్టే ఉంటుందని మనిషి నమ్ముతాడు.

కారణం మేం వాడిన నావిగేషన్ లైబ్రరీ పాత వెర్షన్. ట్యాబ్ మారితే ముందు ట్యాబ్ స్క్రీన్లను అది పారేస్తుంది. ఒక్కో ట్యాబ్‌కు దాని స్క్రీన్ల వరసను విడిగా దాచి ఉంచడం జెట్‌ప్యాక్ నావిగేషన్ 2.4.0లో వచ్చింది. దానికి మారి, ఒక్కో ట్యాబ్‌కు ఒక్కో గ్రాఫ్, అంటే దాని స్క్రీన్ల మధ్య దారుల పటం, పెట్టాక సరైంది. ఇక్కడ ఒక గుంట ఉంది. మెనూలో ట్యాబ్‌కు ఇచ్చిన ఐడీ, గ్రాఫ్ ఐడీ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. మాకు పశువుల ట్యాబ్ నొక్కితే ఏమీ జరగలేదు, ఎర్రర్ కూడా రాలేదు. ఒకదాంట్లో `cattle`, ఇంకోదాంట్లో `cattle_graph`. అరపూట పోయింది.

వెనక్కి బటన్ విషయంలో లైబ్రరీ పద్ధతినే ఉంచాం: ముందు ట్యాబ్ లోపల వెనక్కి, తర్వాత పాలు ట్యాబ్‌కు, అక్కడి నుంచి బయటికి. తిరిగిన ట్యాబ్‌లన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి నడిపించాలని డెయిరీ వైపు ఒకరు అడిగారు. చేసి చూపించాం. బయటపడడానికి ఏడుసార్లు నొక్కాక ఆయనే వద్దన్నారు.

విడుదలయ్యాక

అదే ఎనిమిది మందిలో ఏడుగురు దాణా ఆర్డర్ ఎవరూ చెప్పకుండానే పెట్టారు. ఎనిమిదో ఆయన ఫోన్‌లో యాప్ అప్‌డేట్ కాలేదు. కానీ మొదటి వారం కేంద్రాల నుంచి వచ్చిన ఫోన్లు మేం ఊహించనివి: "మూడు గీతలు ఏమయ్యాయి?" సెక్రటరీలు రెండేళ్లు కష్టపడి నేర్పించిన ఒకే ఒక్క దారిని మేం మాయం చేశాం. వెంటనే పాత చోటే గుర్తు తిరిగి పెట్టాం. నొక్కితే డ్రాయర్ రాదు, కింద "అన్నీ" ట్యాబ్ వెలిగి ఆ పేజీ తెరుచుకుంటుంది. రెండు నెలల్లో ఆ గుర్తు నొక్కేవాళ్లు దాదాపు లేకుండా పోయారు, అప్పుడు తీసేశాం. మొదటి రోజే ఇలా చేసి ఉండాల్సింది.

నష్టం కూడా జరిగింది. పశు బీమా పేజీకి వచ్చేవాళ్లు తగ్గారు. పాత డ్రాయర్‌లో పేరు చదువుతూ పోతుంటే కనీసం అలాంటిది ఒకటుందని తెలిసేది, ఇప్పుడది పశువులు ట్యాబ్‌లో రెండో మెట్టులో ఉంది. దాన్ని పైకి ఎక్కించలేదు. ఒక్కో పశువు పేజీలో చెవి పోగు నంబరు కిందే "బీమా ఫలానా తేదీ దాకా" లేదా "బీమా లేదు, చేయించండి" అని ఒక వరస పెట్టాం. గేదె వివరాలు చూసేటప్పుడే బీమా గుర్తుకు రావాలి. అలా పెట్టాక పాతకాలం కన్నా ఎక్కువమంది ఆ పేజీకి వస్తున్నారు. రుణాలకు ఇలాంటి చోటు ఇంకా దొరకలేదు, ఆ విభాగం వాళ్లు ఇప్పటికీ ట్యాబ్ అడుగుతూనే ఉన్నారు.

అదే డెయిరీకి సూపర్‌వైజర్ల యాప్ ఇంకోటి ఉంది. ఇది బాగుంది కదా, దానికీ ట్యాబ్‌లు పెట్టండి అన్నారు. మేం వద్దన్నాం. సూపర్‌వైజర్ మెనూలో ఉన్నవి వేర్వేరు పనులు కావు, ఒకే రకమైన నలభై చిల్లర కేంద్రాల పేర్లు. ఒక కేంద్రంలోకి వెళితే అరగంట అక్కడే పని చేస్తాడు, తర్వాతే ఇంకో కేంద్రం. జీమెయిల్‌లో లేబుళ్లలాగా ఇది పొడుగు జాబితా, పెరుగుతూ తరుగుతూ ఉంటుంది, పైన వెతికే పెట్టె కావాలి. పైగా వాళ్లకు ఇచ్చినవి టాబ్లెట్లు. అడ్డంగా పట్టుకుంటే జాబితా ఎడమవైపు ఎప్పుడూ తెరిచే ఉంచొచ్చు, దాచాల్సిన పనే లేదు. గూగుల్ 2025లో మెటీరియల్ కొత్త మార్పుల్లో డ్రాయర్‌ను పక్కన పెట్టి, విచ్చుకునే పక్క పట్టీని వాడమంటోంది, మేం తర్వాతి వెర్షన్‌లో దానికి మారుతున్నాం. ఆ యాప్‌లో మేం చేసిన పని ఒక్కటే: జాబితాలో అన్నిటికన్నా పైన, ఆ రోజు పాలు ఇంకా పంపని కేంద్రాలను తెచ్చి పెట్టడం.